సొట్ట డబ్బా

మా స్కూల్లో పెద్దమేడమ్‌కి పిల్లలు పెట్టిన పేరు తూకం మేడమ్. ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలిసీ ఊరుకునేది. నేను డ్రిల్ మాస్టర్ని. ఆవిడ వచ్చిన మొదటి వారంలోనే నా బెత్తాన్ని మోకాలికి ఆనించి ఫెళ్లున విరిచి చెత్తబుట్టలో పారేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు, "గ్రౌండులో నీళ్ల కుళాయి బాగు చేయించాలి మాస్టారూ" అంది.

తర్వాతెప్పుడో టీ తాగుతూ తన ఎడమ చెయ్యి చూపించింది. మణికట్టు మీద నల్లటి వాత. చిన్నప్పుడు ఆవిడ బాగా లావుగా ఉండేదట. ఇంట్లో పిప్పళ్ల బస్తా అని పిలిచేవారట. తండ్రి తినుబండారాల అలమారకి తాళం వేస్తే, ఆవిడ దాని చెవి కొట్టేసి తిన్నది. ఆయన గరిట కాల్చి చేతి మీద పెట్టాడు.

"లావు తగ్గిందా?" అన్నాను, ఏమనాలో తెలియక.

"లావు తగ్గలేదు మాస్టారూ. దొంగతనం మాత్రం బాగా వచ్చింది."

అందుకే, పిల్లల బరువు చూసే ఆవిడ తూకానికి ఒక పద్ధతి ఉండేది. పిల్లల్ని ఒక్కొక్కరినీ తన గదిలోకి పిలిచి తలుపు మూసేది. మిషన్ ముల్లుకి వీపు పెట్టి, ఆవిడ వైపు మొహం తిప్పి నిలబడాలి. అంకె పిల్లల కంట పడకూడదు, పక్కవాళ్ల చెవిన పడకూడదు. పిల్లలు కిందికీ మీదికీ చూస్తుంటే, "నా మొహం చూడు, అద్దంలా లేదూ?" అని నవ్వించేది. ఆ అంకె, మూత అంటించిన కవర్లో తల్లిదండ్రులకి వెళ్లేది. పిల్లల టిఫిన్ డబ్బాలు కూడా రోజూ కొన్ని తన గదికి తెప్పించి చూసేది. ఇంత జాగ్రత్తగల మనిషి కూడా ఒకచోట కాలు జారింది.

ఆ ఏడాది పెద్దల మీటింగుకి కబుర్లు చాలవనుకుంది. పొద్దున్న ఇంటర్వెల్లో క్లాసుల నుంచి కొన్ని టిఫిన్ డబ్బాలు తెప్పించి, ఆ పిల్లలకి స్కూలు తరఫున రొట్టె, పళ్లు పెట్టించింది. ఏ తల్లీ తలదించుకోకూడదని డబ్బాల మీది పేర్ల కాగితాలు స్వయంగా గోటితో గీకేసి బల్ల మీద పేర్చింది. స్టీలు డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయనుకుంది.

హాల్లో పెద్దవాళ్లు పిల్లల బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. పిల్లలు వరండాలో కిటికీలకి వేలాడుతున్నారు. పెద్దమేడమ్ మైకు పక్కన పెట్టి మాట్లాడింది.

"పిల్లల్ని పస్తు పెట్టకండి. ఎదిగే వయసు. చాలామందికి బరువు తగ్గనక్కర్లేదు, ఉన్నచోట ఆగితే చాలు, ఎత్తు వచ్చేకొద్దీ సర్దుకుంటుంది. ఎవరికెంత అన్నది డాక్టరు చెప్పాలి, పక్కింటావిడ కాదు. తీపి నీళ్ల సీసా మాని మంచినీళ్లివ్వండి. ఓ పండు, ఓ ఉడికిన గుడ్డు, ఇంట్లో అందరూ తినేదే డబ్బాలో పెట్టండి. వాడికి ఆకులు పడేసి మీరు వేపుళ్లు లాగిస్తే వాడు ఊరుకుంటాడా?"

అందరూ నవ్వారు. ఆవిడ ఒక డబ్బా ఎత్తి చూపించింది. "ఇది చూడండి. అడుగున చిన్న రొట్టెముక్క. పైన రెండు చిప్స్ ప్యాకెట్లు. ఎప్పుడో ఒకసారి అయితే సరదా. ఈ డబ్బాలో వారానికి మూడు నాలుగు సార్లు చూస్తున్నాను. పేరు చెప్పను."

పేరు అక్కర్లేకపోయింది. ఆ డబ్బా మూతకి ఓ పక్క లోతైన సొట్ట ఉంది. దాన్ని గోడకేసి కొట్టిన మనిషి మూడో బెంచీలోనే ఉన్నాడు. టైర్ల షాపాయన. లేచి పెళ్లాం వంక ఒక్క చూపు చూసి, వరండాలోకి పోయి కొడుకు కాలరు పట్టుకుని హాల్లోకి ఈడ్చుకొచ్చాడు.

"నలుగురిలో నా పరువు తీస్తావురా, తిండిపోతు వెధవా!"

చెంప మీద కొట్టిన దెబ్బకి పిల్లాడి తల ద్వారబంధానికి తగిలి ముక్కులోంచి రక్తం వచ్చింది. వాడు కనీసం చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కళ్లు మూసుకుని రెండో దెబ్బ కోసం నిలబడ్డాడు. హాలంతా ఊపిరి బిగపట్టి చూసింది. ఒక్కరూ లేవలేదు, సిగ్గులేని జనం. మనవాడు కాదు కదా, మనకెందుకు!

పెద్దమేడమ్ డబ్బాతోనే వచ్చి మధ్యలో నిలబడింది. "వదలండి."

"నా కొడుకు, నా ఇష్టం. లావన్నది నువ్వేగా? తగ్గిస్తా చూడు."

ఆవిడ చేతిలో డబ్బా లాక్కుని ఆవిడ నుదుటి మీదే కొట్టాడు. చిప్స్ ప్యాకెట్లు ఎగిరి పడ్డాయి. రక్తం కంట్లోకి కారుతున్నా ఆవిడ పిల్లాణ్ణి వెనక్కి నెట్టుకుని అక్కడే నిలబడింది. మళ్లీ చెయ్యెత్తేసరికి నేను వెనకనుంచి పట్టుకున్నాను. నా ముంజేతిని కొరికాడు. చెయ్యి మెలేసి నేలమీద పడేసి వీపున మోకాలు పెట్టాను. అవసరానికి మించి కాస్త గట్టిగానే నొక్కాను, అందుకు నాకేం విచారం లేదు. ఆనక మిగతా మాస్టర్లు వచ్చి అతన్ని బయటికి లాక్కెళ్లారు.

ఆయా తెచ్చిన గుడ్డ నుదుటికి అదుముకుంటూ, పెద్దమేడమ్ ఆ తల్లినీ పిల్లాణ్ణీ తన గదిలోకి తీసుకెళ్లి, నా ముందే అడిగింది. అంత జరిగినా ఉపన్యాసం ఇంకా బుర్రలోనే ఉంది కాబోలు.

"అన్ని ప్యాకెట్లు ఎందుకమ్మా? వాడి ఒంటికి మంచిది కాదని తెలీదా?"

ఆ తల్లి నేలచూపులు చూస్తూ అంది. "కొట్టిన మర్నాడు పెడతానండీ, స్కూల్లో ఏడవకుండా ఉంటాడని. కొంచెం కొడితే ఒకటి. బాగా కొడితే రెండు."

పెద్దమేడమ్ పిల్లాడి అనుమతి అడిగి చొక్కా పైకెత్తింది. వీపంతా బెల్టు వాతలు, పాతవాటి మీద కొత్తవి. ఆవిడ తూకం మిషన్ వైపు చూసింది. ఎన్నోసార్లు అక్కడే వాణ్ణి తన వైపు మొహం తిప్పి నిలబెట్టింది.

"వాడి డబ్బా లెక్క నోటికొచ్చు మాస్టారూ. వీపెలా ఉందో తెలీదు," అని భోరుమంది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు, చివర.

బయట ఆ మనిషి "నా కొడుకుని పంపండి" అని కేకలు. స్కూలు యజమాని ఫోను చేసి, కుటుంబ విషయం, పంపించెయ్యండి, స్కూలు పరువు పోతుందన్నాడు.

"పరువుకి కుట్లు పడవండీ. నాకు పడతాయి. పిల్లాణ్ణి పంపను," అని పెట్టేసింది.

పోలీసులకీ, పిల్లల రక్షణ వాళ్లకీ తనే ఫోను చేసింది. ఆసుపత్రిలో ముందు పిల్లాడి గాయాలన్నీ డాక్టరు చేత రాయించి, ఆ తర్వాతే తన నుదురు కుట్టించుకుంది. ఆ సాయంత్రం తల్లీ కొడుకూ పిన్నిగారింటికి వెళ్లారు. తండ్రి స్కూలు దరిదాపులకి రాకూడదని కోర్టు చెప్పింది.

ఆ తర్వాత ఆవిడ డబ్బాలు తెప్పించడం మానేసింది. భోజనాల వేళ తనే వాడి క్లాసు మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చేది. వాడు దూరంనుంచే మూత తీసి చూపించేవాడు. రొట్టె, గుడ్డు, అరటిపండు. ఆవిడ తలూపి వెళ్లిపోయేది. కొన్ని నెలలు అలాగే గడిచాయి.

ఒకరోజు డబ్బాలో రెండు చిప్స్ ప్యాకెట్లు ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. బెంచీ పక్కన నేలమీద కూలబడి, వాడి చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఎక్కడ కొట్టాడు నాన్నా?"

వాడు తెల్లమొహం వేశాడు. "ఎవరూ కొట్టలేదు మేడమ్. ఇవాళ నా పుట్టినరోజు. ఒకటి నాకు. ఒకటి మీకు."

తూకం మేడమ్ క్లాసు పిల్లలందరి ముందూ నేలమీదే కూర్చుని, ఆ ప్యాకెట్ చింపి, కరకరా నమిలి, అడుగున మిగిలిన పొడి కూడా అరచేతిలో వంపుకుని తినేసింది.