ఆయన్ని ఏమీ అనకూడదన్న క్లాజు

మా విత్తనాల కంపెనీలో పెద్ద ఉద్యోగులకు షేర్లిచ్చే పథకం రాసింది నేను. ఎవరికి ఎన్ని, ఎన్నేళ్లకు చేతికొస్తాయి, మధ్యలో మానేస్తే ఏమవుతాయి, అన్నీ నా కీబోర్డు మీదే పుట్టాయి. తీరా ఇచ్చేటప్పుడు లీగల్ మేనేజరు, అంటే నేనే, ఆ లెక్కలోకి రాదన్నారు. వచ్చినవాళ్లలో మొదటివాడు ఆయన. నాగర్‌కర్నూల్ నుంచి నేను, మల్దకల్ నుంచి ఆయన, ఒకే ఏడాది హైదరాబాదు హెడ్డాఫీసులో చేరాం. కొన్నేళ్లు తిరిగేసరికి ఆయన ఉత్పత్తి విభాగానికి వైస్ ప్రెసిడెంటయ్యాడు. నేను చేరినప్పటి గదిలోనే ఉన్నాను, కుర్చీ ఒక్కటే మారింది. ఆయన నన్ను ‘అక్కా’ అనేవాడు, నేను ఆయన్ని ‘సార్’ అనాల్సి వచ్చేది. నాకు కన్నుకుట్టింది. కుట్టదా మరి?

షేర్లు పోనీ అనుకుందాం. గద్వాల దిక్కు ఆయనతో ఒకసారి పోయి రావాలి, అప్పుడు తెలుస్తుంది మంటంటే ఏమిటో. మా కంపెనీకి పత్తి విత్తనం పండించేది ఆ చుట్టుపక్కల రైతులే. రైతులకూ కంపెనీకీ మధ్య ఆర్గనైజర్లుంటారు. కంపెనీ ఇచ్చిన మగ విత్తనం, ఆడ విత్తనం రైతులకు పంచి, పంటను మళ్లీ కంపెనీకి చేర్చేది వాళ్లు. కొత్తకోట దాటిన దగ్గర్నుంచీ ఆయన జీపు ఆపని ఊరుండేది కాదు. ఆయన దిగితే మనుషులు లేచి నిలబడేవాళ్లు. వెనక దిగిన నన్ను చూసి ‘ఆఫీసామె’ అనేవాళ్లు. చాయ్ మాత్రం నాకూ ఇచ్చేవాళ్లు.

అలాంటి మనిషికి మా ఎండీతో చెడింది. పండిన విత్తనాన్ని స్వచ్ఛత పరీక్షకు పెడతారు. పరీక్షలో తప్పిన సరుకును కంపెనీ తీసుకోదు, రైతు ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. ఆ ఏడు చాలా సరుకు తప్పింది. మనమిచ్చిన విత్తనంలోనే తేడా ఉంది, రైతుకు పైసలు కట్టాల్సిందేనని ఆయన ఎండీ ముందు బల్ల గుద్దాడు. తినేది కంపెనీ ఉప్పు, పాడేది వాళ్ల పాటా అని ఎండీ. ఆ రైతులు కంపెనీ పేరు చెప్పకుండా ఆయన పేరు చెప్పడం ఎండీకీ అరగడం లేదు. ఆ విషయంలో మేమిద్దరం ఒక్క జాతి.

మొత్తానికి విడిపోదామనుకున్నారు. ఒప్పందం రాసే పని నాకొచ్చింది. అబద్ధమెందుకు, ఆ రోజు నేను మంచి చీర కట్టుకుని ఆఫీసుకు పోయాను.

రెండేళ్లపాటు వేరే విత్తనాల కంపెనీలో అడుగు పెట్టకూడదని రాయమన్నాడు ఎండీ. ఉద్యోగం మానేసిన మనిషిని బతుకుదెరువు చేసుకోవద్దంటే మన కాంట్రాక్టు చట్టం ముందు ఆ మాట చెల్లదని చెప్పాను. దానికి బదులు వేరే దారులున్నాయన్నాను. నోటీసు కాలమంతా జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టొచ్చు, అప్పటిదాకా మన ఉద్యోగే కాబట్టి ఇంకెక్కడా చేరలేడు. మన రహస్యాలు బయటపెట్టకూడదనొచ్చు. మన సిబ్బందినీ ఆర్గనైజర్లనూ ఏడాదిపాటు తన వైపు లాక్కోకూడదనొచ్చు, అది కోర్టులో నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు. అందుకే విడిపోయినందుకు ఇచ్చే సొమ్ములో సగం ఇప్పుడు, సగం ఏడాది తర్వాత, మాట తప్పకపోతేనే అని రాశాను. చేతికొచ్చిన షేర్లు ఆయనవే, రానివి రద్దు. మాట తప్పితే చేతికొచ్చిన వాటిని కూడా కొన్న ధరకే ఎండీ తిరిగి కొనుక్కోవచ్చు. ఆ చివరి వాక్యం రాస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒకరినొకరు నిందించుకోకూడదన్న క్లాజు రెండు వైపులా ఉండాలని ఆయన వకీలు పట్టుబట్టాడు. ఆయన కంపెనీ గురించి చెడు మాట్లాడకూడదు. కోర్టు గానీ సర్కారు గానీ అడిగితే నిజం చెప్పొచ్చు, అది వేరు. కంపెనీ కూడా ఆయన్ని ఏమీ అనకూడదు. కంపెనీకి నోరుండదు కాబట్టి ఎవరెవరి నోళ్లకు కంపెనీ పూచీ పడుతుందో రాయాలి. ఎండీ, డైరెక్టర్లు, వైస్ ప్రెసిడెంట్లు అని రాశాను. అంతకంటే కింద ఉన్న ఉద్యోగులందరికీ పూచీ పడటం కుదరదన్నాను. న్యాయంగా అది సరైన మాటే. నా నోరు స్వేచ్ఛగా మిగలడం కూడా నాకు బాగానే అనిపించింది. అంత ప్రేమ రైతులకు ఊరికే వస్తుందా, కమీషన్లు ముట్టకుండానా అని క్యాంటీన్‌లో నేను అప్పటికే అని ఉన్నాను.

ఆర్గనైజర్ల క్లాజు దగ్గర నా చెయ్యి ఆగలేదు. లాక్కోకూడదు అంటే సరిపోయేది. నేను ‘ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, ఏ పని మీదైనా సరే, ఆ ప్రాంతపు ఆర్గనైజర్లను గానీ విత్తన రైతులను గానీ సంప్రదించరాదు’ అని రాశాను. ఆయన సొంత అన్న కూడా ఆర్గనైజరేనని నాకు తెలుసు. ఆ ఇంట్లో రెండుసార్లు అన్నం తిన్నాను.

ఆయన వకీలు సొమ్ము దగ్గరా షేర్ల దగ్గరా కొట్లాడాడు, ఇది చూసీ చూడనట్టు వదిలేశాడు. ఆయన మాత్రం సంతకానికి ముందు ఆ క్లాజు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. నా వైపు చూసి నవ్వాడు. సంతకం పెట్టి, నోటీసు కాలానికి మల్దకల్ వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరి, ఆ నోటీసు కాలం అయిపోయాక, విత్తనం పంచే రోజు వచ్చింది. గద్వాలలో ఫంక్షన్ హాలు తీసుకున్నాం. ఆర్గనైజర్లంతా వచ్చారు, కొందరు రైతులు కూడా వెంట వచ్చారు. ఎండీ కొత్త వైస్ ప్రెసిడెంటును పరిచయం చేశాడు, సంచులు తెరిపించాడు. ఒక్కరూ లేవలేదు.

మాకెవరికీ హెడ్డాఫీసులో తట్టని సంగతి ఒకటుంది. ఆ దిక్కున కంపెనీ మనిషి మారితే పాతాయన కొత్తాయన్ని వెంటబెట్టుకొచ్చి, అందరి ముందు ఆయన చేతిని పెద్ద ఆర్గనైజరు చేతిలో పెట్టి అప్పజెప్పాలి. రేపు పరీక్షలో సరుకు తప్పితే ఎవరి గల్లా పట్టుకోవాలో అక్కడ తేలుతుంది. అప్పజెప్పకపోతే పాతాయనకు కొత్తాయన మీద నమ్మకం లేదని అర్థం. ఆయన నోరు విప్పి తిట్టక్కర్లేదు, రాకపోతే చాలు. నేను పుట్టింది అక్కడికి దగ్గర్లోనే, నాకైనా గుర్తుండాల్సింది. ఆయన అక్కడికి రాకుండా తలుపు గడియ పెట్టింది నేనే.

పెద్ద ఆర్గనైజరు మెల్లగా చెప్పాడు: “సారు రాలే. సారు రాకుంట మేం ఇత్తు ముట్టం. గంతే.”

వాన పడితే విత్తాలి. ఇక్కడ కాకపోతే వాళ్లకు వేరే కంపెనీలు లేకనా? ఎండీ ఆయనకు ఫోన్ చేశాడు, ఫోనులోనే బతిమాలాడు. తర్వాత ఫోన్ పెట్టేసి నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నీ క్లాజు, నువ్వే పోయి విప్పుకో అన్నాడు.

జీపులో మల్దకల్ పోయాను. ఆయన బనీనుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అన్న లేడు. అన్న ఇంట్లోకి రావాల్సి వస్తే ఈయన పెరట్లోకి పోతున్నాడని వదినగారు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. మంచినీళ్లిచ్చారు, తాగాను.

ఎండీ ఫోనులో ఒప్పుకున్నాడు కదా, ఒక్క గంట వచ్చిపోతే చాలన్నాను.

“నోటిమాట చెల్లదని నువ్వే రాసినవ్ గదా అక్కా. మార్పులేమున్నా కాగితం మీద, ఇద్దరి సంతకాలతోనే అని. నేను ఉత్తగ వస్తె సగం పైసలు పోతయ్, షేర్లు పోతయ్. రాసుకరా, వస్త.”

ఏమేం రాయాలని అడిగాను. సొమ్ము పెంచమంటాడనుకున్నాను, రద్దయిన షేర్లు అడుగుతాడనుకున్నాను. అడిగితే ఎండీ ఆ పూట ఏదైనా ఇచ్చేవాడు. అడగాలనే కోరుకున్నాను కూడా, అప్పుడైనా ఆయన మాలాంటివాడే అని తేలేది.

“ఇయాల్టి అప్పజెప్పుడు తప్పు కాదని రాయి. నా అన్నతోని, నా ఊరోళ్లతోని మాట్లాడితే తప్పు కాదని రాయి. నేనీడనే బతకాలె, సేద్యం జేస్కోవాలె. మీ ఆర్గనైజర్లను గుంజుకోను, ఆ మాట ఉండనియ్.”

“ఇంకా?”

“నన్నేమనొద్దన్న కాడ నిన్ను గూడ రాయి. సంతకం గూడ పెట్టు.”

క్యాంటీన్ మాట మల్దకల్ దాకా వచ్చిందన్నమాట. ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో. తిరిగి తిట్టుకునేదాన్ని, కడుపు చల్లబడేది. గ్లాసు అరుగు మీద పెట్టి లేచొచ్చాను.

గద్వాలలో స్టాంపు పేపరు కొని, మా బ్రాంచి ఆఫీసులో కూర్చుని కరెంటు పోతూ వస్తూ ఉంటే టైపు చేశాను. ఎండీ, డైరెక్టర్లు, వైస్ ప్రెసిడెంట్లు, ఆ పక్కన కామా పెట్టి, లీగల్ మేనేజరు. నా హోదా వైస్ ప్రెసిడెంట్ల పక్కన ఒకే వరుసలో రావడం ఆ కంపెనీలో అదే మొదలు, అదే చివర. ఎండీ చదవకుండానే సంతకం పెట్టాడు. నేను కింద నా సంతకం పెట్టాను. ఆయన కబురందుకుని వచ్చి, అంతా చదివి పెట్టాడు.

హాల్లోకి ఆయన రాగానే కుర్చీలు జరిగిన చప్పుడైంది, అందరూ లేచారు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. కొత్తాయన చెయ్యి పట్టుకుని పెద్ద ఆర్గనైజరు చేతిలో పెట్టి, “ఈయన మనోడే, తప్పితె నిలబడుతడు” అన్నాడు. కంపెనీ గురించి ఒక్క ముక్క అనలేదు, అన్నా అడ్డుకునేవాళ్లు లేరు. ఆర్గనైజర్లు వరుసగా వచ్చి సంచులు తీసుకున్నారు. ఆ వరుసలో ఆయన అన్న వచ్చినప్పుడు ఇద్దరూ కాసేపు చేతులు వదల్లేదు. నేను గోడ వారగా నిలబడి చూశాను. నా కోసం ఏ హాల్లోనూ ఒక్క కుర్చీ జరగలేదు, ఇకముందూ జరగదు. లోపల భగ్గుమంది.

నా పక్కన పాన్‌గల్ నుంచి వచ్చిన ఒక ముసలామె నిలబడి ఉంది. కిందటేడు సరుకు తప్పిన రైతుల్లో ఒకరి తల్లి. ఆయన్నే చూస్తూ నన్నడిగింది.

“నువ్వు ఆఫీసామెవు గద బిడ్డా. గింత మంచోన్ని ఎందుకు తీసేసిన్రు? ఏమన్న తిన్నడా?”

కమీషన్ల మాట నాలుక చివర దాకా వచ్చింది. నా సంతకం ఇంకా సరిగ్గా ఆరనేలేదు. చెడు అనకూడదు, అంతే, ఊరుకుంటే సరిపోతుంది. కానీ ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ఆ హాల్లో ఊరుకోవడమంటే ఏమిటో ఆ పొద్దున్నే నేర్చుకున్నాను.

“ఏమీ తినలేదవ్వా. మంచోడే.”

ఆమె తల ఊపి సంచుల వైపు నడిచింది. ఆ మాట చెప్పమని నేను రాసిన ఏ క్లాజులోనూ లేదు.