రేకు చుట్టిన వైరు

తెనాలిలో కెమెరాలు బిగించే బర్నబాస్‌ది పుట్టుకతో వచ్చిన అనుమానపు బుద్ధి. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, ఎందుకైనా మంచిదని వెనక్కొచ్చి నాలుగోసారి లాగుతాడు. "మీరు పోలీసుల్లో చేరాల్సిన మనిషండి" అని భార్య ప్రమీలారాణి పాతికేళ్ళుగా అంటూనే ఉంది. ఆ అనుమానమే తనకు అన్నం పెడుతోందని ఆయన నమ్మకం. అందులో అబద్ధమేమీ లేదు. ఏ వైరు ఎక్కడ దెబ్బతిందో ఆయన వెతికినంత ఓపిగ్గా ఆ ఊళ్ళో ఎవరూ వెతకరు. కాకపోతే ఆ బుద్ధి వైర్ల దగ్గర ఆగదు, మనుషుల మీదికి పోతుంది.

కొలకలూరులో బసవేశ్వరరావు గారి రైసుమిల్లుకు నిరుడు కెమెరాలు పెట్టింది ఆయనే. ఏడాదిపాటు ఏ గొడవా లేదు. ఈ ఏడు వేసవి దాటాక గోడౌన్ గుమ్మం మీది కెమెరాకు జబ్బు పట్టుకుంది. పొద్దున పది కొట్టేసరికి ఆఫీసు టీవీలో దాని బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరి, బిగుసుకుపోయి, చివరికి నల్లబడేది. గంట తర్వాత దానంతటదే వచ్చేది. ఆ నెలలోనే గోడౌన్‌లో రెండు బియ్యం బస్తాలు తగ్గాయి. బసవేశ్వరరావు గారికి కంటి మీద కునుకు లేకుండా పోయింది.

బర్నబాస్ రెండు రోజులు ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చుని టీవీ చూశాడు. రెండు రోజులూ బొమ్మ పోయేముందు చివరగా కనిపించిన మనిషి ఒక్కరే. చీపురు పట్టుకుని గుమ్మంలోకి వస్తున్న సుగుణమ్మ. ఆ మిల్లులో పన్నెండేళ్ళుగా ఊడుస్తోంది. ఆదివారం ఆయన వెళ్ళే లూథరన్ చర్చికే వస్తుంది, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంటుంది. వైరు దిగే స్తంభం కూడా సరిగ్గా ఆమె ఊడ్చేచోటే ఉంది.

"వైరు మీద ఎవరిదో చెయ్యి పడుతోందండి" అన్నాడు బర్నబాస్.

"ఎవరిదో అంటే ఎట్టా? పేరు చెప్పు."

"పేరు నేను చెప్పనండి. పదింటికి అక్కడ ఎవరుంటున్నారో మీరే చూస్తున్నారుగా."

పేరు చెప్పలేదన్న మాటే గానీ, ఇంకేం మిగిల్చాడు? పక్కనే బస్తాల లెక్క రాస్తున్న గుమాస్తా, టీ తెచ్చిన మనిషి, అందరూ విన్నారు. మధ్యాహ్నానికి మిల్లంతా పాకింది.

అయినా వైరు తప్పేమో అన్న సందు కూడా ఉండకూడదని బర్నబాస్ గుంటూరు నుంచి ఖరీదైన వైరు తెప్పించాడు. మామూలు నెట్‌వర్క్ వైరులో నాలుగు జతల తీగలు మెలివేసి ఉంటాయి, అంతే. దీంట్లో ఆ జతల చుట్టూ వెండిరంగు రేకు చుట్టి, దాని వెంబడే ఒక బోసి తీగ కూడా ఉంటుంది. బయటి కరెంటు రొద లోపలికి రాకుండా అడ్డం అన్నమాట. పాత వైరు లాగేసి, అదే గొట్టంలోంచి దీన్ని దూర్చాడు. జాకు బిగించేచోట బోసి తీగ అడ్డమొస్తోందని కత్తిరించి పారేశాడు. సంచిలో ఉన్న ప్లాస్టిక్ జాకులే రెండు చివరలా కొట్టాడు.

"ఇక వైరును అనుమానించే పని లేదండి. మళ్ళీ పోయిందంటే మనిషి పనే" అన్నాడు.

మర్నాడు పదింటికి బొమ్మ మళ్ళీ పోయింది. సాయంత్రం బసవేశ్వరరావు గారు సుగుణమ్మను పిలిచి సోమవారం నుంచి రావద్దన్నారు. ఆమె ఆఫీసు గడప దగ్గర నిలబడి, "నేను ఆ వైరు ముట్టుకోలేదు బాబూ" అని ఒక్క మాట అంది. పని పోవడం ఒక ఎత్తు, దొంగన్న పేరుతో పోవడం ఇంకో ఎత్తు. ఆ పేరు మీద పడ్డాక చుట్టుపక్కల ఏ మిల్లు గేటూ తెరుచుకోదు.

ఆ ఆదివారం చర్చిలో ప్రభు సంస్కారం, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. వరస తర్వాత వరస లేచి బలిపీఠం దగ్గర మోకరిస్తున్నారు. మూడో వరస మొత్తం లేచింది. సుగుణమ్మ మాత్రం తలవంచుకుని కూర్చునే ఉంది. బర్నబాస్ ఓరకంట చూశాడు. చూశావా, తప్పు చేసిన మనిషికి రొట్టె ముట్టుకోవడానికి చెయ్యి రాదు, అనుకున్నాడు. ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. తాను మాత్రం వెళ్ళి నిశ్చింతగా పుచ్చుకుని వచ్చాడు.

సోమవారం పదింబావుకు ఫోను మోగింది.

"బర్నబాసూ, బొమ్మ పోయింది" అన్నారు బసవేశ్వరరావు గారు. "ఇవాళ సుగుణమ్మ లేదుగా. మరి ఎవరి చెయ్యి?"

బర్నబాస్ వెంటనే బయల్దేరాడు. దారి పొడుగునా గుమాస్తాను అనుమానించాడు, డ్రైవర్లను అనుమానించాడు, మిల్లు దగ్గరికొచ్చేసరికి బసవేశ్వరరావు గారినే అనుమానించాడు. గోడౌన్ గుమ్మంలో ఎవరూ లేరు. ఊక మాత్రం రేగి రేగి గడప మీద పడుతోంది.

"ఈ ఊక ఎక్కడిది?" అన్నాడు, బ్లోయర్ దగ్గరున్న మిషను ఆపరేటర్ అజయ్ బాబుతో.

"పదింటికి ఊకలారీ వస్తదిగా అన్నా. ఊకను లారీలోకి ఊదడానికి అప్పుడు బ్లోయర్ ఏస్తాం. ఊక గుమ్మంలోకి కొడతది. అందుకే సుగుణమ్మక్క ఆ టైముకే చీపురు అట్టుకొచ్చేది."

బర్నబాస్ నాలుక కరుచుకున్నాడు. "ఈ బ్లోయరుకు కొత్తగా ఏమన్నా పెట్టారా?"

"వేసవిలో డ్రైవు పెట్టారు. మోటారు స్పీడు తగ్గించుకోవచ్చని."

గోడ మీద డ్రైవు పెట్టె ఉంది. అందులోంచి మోటారుకు పోయే కరెంటు తీగలు ఒక గొట్టంలోకి దిగుతున్నాయి. అదే గొట్టంలో పాతిక మీటర్లు ఆయన కెమెరా వైరు. నిరుడు గోడకు ఇంకో వరస చిల్లులు వెయ్యడానికి బద్ధకించి, ఉన్న గొట్టంలోనే దూర్చేశాడు. ఎవరు దూర్చారని అనుమానించడానికి కూడా లేదు, తన చేతిపనే.

బ్లోయర్ ఆపించాడు, బొమ్మ వచ్చింది. వేయించాడు, పోయింది. ఇంకా నమ్మక, మామూలు వైరే ఒకటి తీసి అవతలి గోడ వెంట నేల మీద పరిచి కెమెరాకు తగిలించాడు. బ్లోయర్ హోరెత్తుతున్నా బొమ్మ కదల్లేదు. నిరుడు ఎందుకు నడిచిందో అప్పుడు బోధపడింది. లైట్లకు, ఫ్యాన్లకు, నేరుగా తిరిగే మోటారుకు వచ్చే కరెంటు రొదను మెలికల జతలు తమంతట తామే తట్టుకుంటాయి. ఈ డ్రైవు అలా కాదు. కరెంటును క్షణానికి వేలసార్లు తెంచి తెంచి పంపుతుంది. ఆ దెబ్బలకు అదే గొట్టంలో పక్కపక్కనే పడున్న వైరు ఆగలేదు. రేకు ఆపాలి గానీ, ఆ రొదను భూమిలోకి దింపే దారిని ఆయనే కత్తిరించి పారేశాడు. ఎర్తు లేని రేకు ఉన్నా లేనట్టే.

అవతలి గోడ లారీలు ఆనుకునే చోటు, అక్కడ వైరు ఉంచడానికి లేదు. బ్లోయరు పక్కనుంచే పోవాలి. అందుకని మోటారు తీగలకు మూరెడు ఎడంగా వేరే ఇనప గొట్టం వేశాడు. గుంటూరు నుంచి తెప్పించిన ఆ రేకు వైరునే అందులోకి మార్చి, చివరలు మళ్ళీ ఒలిచి, ఈసారి లోహపు జాకులు కొట్టి, బోసి తీగను వాటికి బిగించాడు. ఆఫీసులో వైర్లన్నీ చేరే స్విచ్ పెట్టెకు ఎర్తు ఇచ్చాడు. మర్నాడు పది దాటింది, పదకొండూ దాటింది. బొమ్మ నిలకడగా ఉంది. బస్తాలు ఎటు పోయాయో మాత్రం తేలలేదు.

సాయంత్రం సుగుణమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది గానీ కూర్చోమనలేదు.

"తప్పు నాదే సుగుణమ్మా. వైరు నేనే తప్పుగా వేశాను."

"అది నా దగ్గర ఎందుకన్నయ్యా చెప్పడం? నా మీద మాట ఎక్కడ అన్నావో అక్కడ చెప్పు."

"చెప్తాను." ఉండబట్టలేక అడిగాడు. "మరి ఆదివారం సంస్కారానికి ఎందుకు లేవలేదు?"

సుగుణమ్మ గ్లాసు తీసుకుంది. "నీ మీద కడుపు మండిపోతా ఉంది. అంత కోపం పెట్టుకుని రొట్టె ఎట్టా ముట్టుకోను?"

బర్నబాస్‌కు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మిల్లులో అందరినీ పిలిపించి, గుమాస్తా ముందు, టీ మనిషి ముందు, తన తప్పు తానే చెప్పాడు. బసవేశ్వరరావు గారు మనిషిని పంపి సుగుణమ్మను మళ్ళీ పనిలోకి పిలిపించారు. ఆమె వచ్చింది. పదింటికి టీవీలో గుమ్మం ఊడుస్తూ ఊడుస్తూ ఒక్కసారి తలెత్తి కెమెరా వంక చూసింది. ఆ చూపులో కోపం తగ్గిందో లేదో ఆయన ఎంత చూసినా తేలలేదు.

మరుసటి నెల సంస్కారానికి మూడో వరస లేచింది, సుగుణమ్మా లేచింది. ఇటువైపు బర్నబాస్ కూర్చుండిపోయాడు. ఆమె మనసులో ఇంకా కోపం ఉందేమోనన్న అనుమానం ఆయన్ను లేవనివ్వలేదు. బలిపీఠం నుంచి తిరిగొస్తూ సుగుణమ్మ ఆయన బల్ల పక్కన ఆగింది.

"ఇంకా అనుమానమేనా అన్నయ్యా? లే" అంది మెల్లగా, ముందుకు నడిచింది.

ఆయన లేచాడు.