గది నొక్కు

దారి అడిగితే "అట్లా ముందుకు పోయి ఎవరినైనా అడుగు" అని చేతులు ఊపేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. తెలిస్తే సరిగ్గా చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌లో ఇరవై ఏళ్ళుగా జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. అందరి కాగితాలూ నా చేతి మీదుగానే పోతాయి కనుక, ఎవరు ఎంత అస్పష్టంగా రాస్తారో నాకు తెలిసినంతగా తహసీల్ ఆఫీసుకు కూడా తెలియదు.

జ్యోతిలక్ష్మి తెచ్చిన మొదటి కాగితం అలాంటిదే. చూడగానే నవ్వాను. ఆ నవ్వుకు తర్వాత సిగ్గుపడ్డాను.

ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. మామ బెల్లంపల్లి నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. భర్త పోయాక ఆమె ఒక ప్రైవేటు బొగ్గు డిపోలో చేరింది. లారీలు తూచే కాంటా చుట్టూ రాలిన బొగ్గును ఊడ్చడం, లారీని కాంటా మీద తిన్నగా నిలబెట్టించడం ఆమె పని. తొమ్మిదేళ్ళు ఆ దుమ్ములోనే గడిచాయి, మొహం కడిగితే నీళ్ళు నల్లగా పోయేవి. కిందటి చలికాలం దగ్గు పట్టుకుని వదల్లేదు. డాక్టరు ఫోటో తీయించి, ఊపిరితిత్తులు ఇంకా చెడిపోలేదు, కానీ దుమ్ములోంచి బయటపడకపోతే చెడిపోతాయని మొహం మీదే చెప్పాడు.

బయటపడడానికి డిపోలో ఉన్నది ఒక్కటే చోటు, కాంటా క్యాబిన్. అద్దాల గది, లోపల ఏసీ, ఒక కంప్యూటరు. అందులో పద్నాలుగేళ్ళు కూర్చున్న బాలకిషన్ అప్పుడే రిటైరై కోఠారి అనే ఊళ్ళో ఉంటున్నాడు. ఆ కుర్చీలోకి నాగపూర్ ఆఫీసు నుంచి అక్షయ్ అనే కుర్రవాడిని తెచ్చుకుందామని సూపర్‌వైజరు వినాయక్ అనుకుంటున్నాడు. పదో తరగతి మరాఠీలో చదివిన జ్యోతిలక్ష్మి వెళ్ళి, నాకివ్వమని అడిగింది. వినాయక్ మరీ చెడ్డవాడేం కాదు. బాలకిషన్ చివరిరోజున స్క్రీన్ చూపిస్తూ పని వివరించిన వీడియో ఒకటి ఉంది, నలభై ఎనిమిది నిమిషాలు. "అది చూసి కాగితం రాయి. శనివారం అక్షయ్ వస్తాడు. నీ కాగితం ఒక్కటే చూసి, నిన్నొక్క మాట అడగకుండా, అతను ఒక లారీ తూచగలిగితే ఆ కుర్చీ నీది. లేకపోతే అతనిది" అన్నాడు.

సోమవారం ఆమె నాకిచ్చిన కాగితంలో, బాలకిషన్ నోట ఏం వచ్చిందో మక్కీకి మక్కీ మరాఠీలో దించి ఉంది. ఇక్కడ నొక్కండి. ఇలా చేయండి. తర్వాత అది నొక్కండి.

"ఇక్కడంటే ఎక్కడ చెల్లె? దుర్గాపూర్‌లనా, చంద్రపూర్‌లనా?" అన్నాను.

"గాయన గట్లనే చెప్పిండన్నా. నేనేం జెయ్యాలె?" ఆమెకు కోపం వచ్చింది. దాంతోపాటు దగ్గూ వచ్చింది.

వీడియో పెట్టి చూపించింది. బాలకిషన్ మంచి మనిషే, కానీ ఆయన మాటలన్నీ గది, గిది, గక్కడ, గిట్ల. "గిప్పుడు గది నొక్కు. నొక్కినవా? మల్ల గిది." పైగా రికార్డు చేసినవాడెవడో మౌస్ బాణం పడకుండా చేశాడు. చూపుడువేలు లేని చేయిలాగా ఉంది ఆ వీడియో. నాగపూర్‌వాళ్ళు దాన్ని ఏదో యాప్‌లో వేసి సారాంశం కూడా తీశారట. హిందీలో వచ్చిన ఆ సారాంశం చదివి ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. "గది నొక్కు" అన్న ప్రతిచోటా ఆ యాప్ "కమ్రాను నొక్కండి" అని రాసింది. "అది" అనే అర్థంలో అన్న మన "గది" దానికి నాలుగు గోడల గది అయింది. పదిహేడుసార్లు కమ్రా నొక్కమంది.

నవ్వు అయిపోయాక జ్యోతిలక్ష్మి మొహం చిన్నబోయింది. "శనివారం గా పోరడు గూడ గిట్లనే నవ్వుతడు" అంది. నా నోటిదురుసుకు నన్ను నేనే తిట్టుకుని, మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుని రాసుకోమన్నాను. ఆ వారం ఆమెకు రెండో షిఫ్టు, సాయంత్రమే డ్యూటీ.

మంగళవారం నుంచి ఆమె పద్ధతి మార్చింది. నేను నేర్పింది కాదు. "గది నొక్కు" అన్న మాట వినిపించగానే వీడియో ఆపేది. నొక్కకముందు తెర ఎలా ఉందో రాసేది. ఒక్క క్షణం ముందుకు జరిపి, నొక్కాక ఏం మారిందో రాసేది. ఆ మార్పును బట్టి ఏ బటన్ నొక్కి ఉంటాడో వెనక్కి లెక్కగట్టేది. ఒకచోట తెర మీద రెండు బటన్లు ఉన్నాయి, ఫస్ట్ వెయిట్, సెకండ్ వెయిట్. ఏది నొక్కాడో కనపడలేదు. కానీ వెంటనే లారీ నంబర్ల జాబితా తెరుచుకుంది. ఖాళీగా తూగి, బొగ్గు ఎత్తుకోవడానికి లోపలికి పోయిన లారీలవి.

"ఇవన్ని ఒకపారి తూగినయే. ఇగ నిండుగ తూగాలె. అంటే గాయన నొక్కింది సెకండ్ వెయిట్" అంది.

జాబితాలో ఒక వరస నీలంగా మారింది. దాంతో ఆ లారీ నంబరు మీద నొక్కాడని తేలింది. బటన్ మీద ఇంగ్లీషులో ఎలా ఉందో అలాగే చూసి రాసేది, తెరలో ఏ మూల ఉందో రాసేది, నొక్కితే ఏం కనపడాలో రాసేది. అది కనపడకపోతే ముందుకు పోకండి అని కింద చేర్చేది. రూఢిగా తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేసేది. ఊహించి నింపెయ్యమని నేనొకసారి అన్నాను. "తప్పైతే గా పోరడు తప్పు జేస్తడు, పేరు నాదైతది" అంది. దారి తెలియకపోతే తెలియదనాలని లోకానికి చెప్పే నాకు అది బాగానే తగిలింది.

బుధవారానికి రెండు ప్రశ్నార్థకాలు మిగిలాయి.

మొదటిది ముప్పై ఒకటో నిమిషం. బాలకిషన్ "గిది అయినంక గది నొక్కు" అని ఊరుకున్నాడు. పదకొండు సెకన్లు ఏ మాటా లేదు. తెర మీద బరువు అంకె అటూ ఇటూ కదిలి ఒకచోట నిలిచింది. అంకె నిలిచేదాకా ఆగాడన్నంతవరకు నాకూ అర్థమైంది. కానీ ఆ మౌనం చివర ఆయన నెమ్మదిగా ఒక మాట అన్నాడు, "ఆ... దిగిండు." సారాంశంలో దీని మీద ఒక్క ముక్క లేదు. నేను పదిసార్లు విన్నా బోధపడలేదు. తెర మీద దిగినదేమీ లేదు మరి.

జ్యోతిలక్ష్మి ఫోను పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. "అన్నా, గది కంప్యూటర్ల లేదు. బయట ఉన్నది" అంది. "కాక కిటికిలకెల్లి సూస్తుండె. డ్రైవరు లారి దిగి పసుపు గీత దాటెదాక నొక్కకపోతుండె. నేను గీత మీద రోజు ఊడ్తుంటి గద, నాకు తెల్వదా? గాయన దిక్కు సూసి నేనే చెయ్యూపుతుంటి."

తొమ్మిదేళ్ళు అద్దానికి అవతల నిలబడిన మనిషి కాబట్టి తెలిసింది.

రెండోదానికి ఆ తెలివీ సరిపోలేదు. చివరలో "ఇగ గిది కొట్టు" అన్నాడు, టక్‌మని మీట చప్పుడు వినిపించింది, చీటీ ప్రింటయింది. మౌస్ కాదు, కీబోర్డు. ఏ మీట? ఫోన్ చేసి అడిగితే "గదే బిడ్డా, మీదికి ఉంటది సూడు, గది" అన్నాడు. పేరేంది కాకా అంటే, "పేరు నాకేం ఎరుక, వేలుకు ఎరుక" అన్నాడు.

గురువారం పొద్దున దుకాణంలోని పాత కీబోర్డును తువ్వాలలో చుట్టి, నా స్కూటీ మీద ఇద్దరం కోఠారి వెళ్ళాం. బాలకిషన్ వాకిట్లో కందులు ఎండబోస్తున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి కీబోర్డు ఒళ్ళో పెట్టాం. ఆయనకు నవ్వొచ్చింది. "ఏంది బిడ్డా, గిదేం ఆట? దీనికి వైరు గూడ లేదు."

"కాకా, కండ్లు మూస్కో. లారి ఎక్కింది. డ్రైవరు దిగిండు. అంకె నిలవడ్డది. చీటి కొట్టు."

జ్యోతిలక్ష్మి ఫోన్‌లో వీడియో పెట్టింది, "ఇగ గిది కొట్టు" అని ఆయన గొంతే వినిపించింది. కళ్ళు మూసుకుని ఉండగానే కుడిచేతి మధ్యవేలు పై వరసలోకి పోయి టక్‌మంది. కళ్ళు తెరిచి చూసుకున్నాడు. ఎఫ్ తొమ్మిది.

"ఓ... గిదానే!" పద్నాలుగేళ్ళ తర్వాత తన వేలు ఏం చేస్తోందో అప్పుడే చూసినట్టు నోరు తెరిచాడు.

వేలు చెప్పింది కదా అని ఆమె అక్కడితో ఊరుకోలేదు. ఆ సాయంత్రం డిపోలో వినాయక్‌ను బతిమాలి, అతని ముందే ఒక లారీకి ఎఫ్ తొమ్మిది నొక్కి చూసింది. చీటీ వచ్చాకే ఆఖరి ప్రశ్నార్థకం కొట్టేసింది.

శనివారం నేనూ వెళ్ళాను. లామినేషన్ చేసిన కాగితం ఇవ్వడం ఒక సాకు. అక్షయ్ చలువ అద్దాలు నెత్తిన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. లారీ బొమ్మలో తప్ప దగ్గర్నుంచి చూసిన మొహం కాదు. జ్యోతిలక్ష్మి నోరు విప్పకూడదు కనుక తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. దగ్గు రాకుండా బిగబట్టిందని ఆమె మెడ చూస్తేనే తెలిసింది.

నిండు లారీ ఒకటి కాంటా ఎక్కింది. అక్షయ్ మరాఠీలో పైకే చదువుతూ పోయాడు. ఎడమ పక్క పైన సెకండ్ వెయిట్ అనే బటన్ నొక్కండి, లారీల జాబితా రావాలి. వచ్చింది. నంబరు మీద నొక్కండి, వరస నీలంగా మారాలి. మారింది. ఆరో మెట్టు దగ్గర ఆగాడు.

"'కుర్చీలోంచి లేవండి. కిటికీలోంచి చూడండి. చక్రాలన్నీ కాంటా మీద ఉన్నాయా? డ్రైవరు, క్లీనరు ఇద్దరూ దిగి పసుపు గీత దాటారా? దాటేవరకు బరువు నమోదు చేసే క్యాప్చర్ బటన్ నొక్కకండి.'" చదివి వినాయక్ వైపు చూశాడు. "లేవాలా సార్?"

"రాసి ఉంది కదా" అన్నాడు వినాయక్.

లేచి చూశాడు. డ్రైవరు దిగి గీత అవతల నిలబడ్డాడు. లారీ కిటికీలో ఒక కాలు కనిపించింది. క్లీనరు లోపల పడుకుని నిద్రపోతున్నాడు. అక్షయ్ అద్దం మీద కొట్టి అరిచాడు. ఆ మనిషి కళ్ళు నులుముకుంటూ దిగి గీత దాటాడు. తెర మీద ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల అరవై ఉన్న అంకె ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలకు దిగి నిలిచింది.

"అరవై కిలోల మనిషిని బొగ్గులో కలిపేసేవాణ్ణి" అన్నాడు అక్షయ్, నవ్వకుండా. ఏడో మెట్టు చదివి క్యాప్చర్ నొక్కాడు, ఎనిమిదో మెట్టు చదివి ఎఫ్ తొమ్మిది నొక్కాడు. చీటీ బయటికొచ్చింది. ఒక్కచోట కూడా "ఏది?" అని అడగలేదు.

వినాయక్ ఆరో మెట్టు మళ్ళీ చదువుకున్నాడు. "ఇది వీడియోలో ఉందా?" అని జ్యోతిలక్ష్మిని అడిగాడు.

"లేదు సార్. నేను బయట ఉన్న" అంది ఆమె. మరాఠీలో చెప్పాల్సింది, కంగారులో తెలుగులో వచ్చేసింది. వినాయక్‌కు తెలుగు రాదు, అయినా అర్థమైనట్టే ఉంది. అక్షయ్‌ను లేవమని, కుర్చీని ఆమె వైపు తిప్పాడు.

మరుసటి వారం ఒక సాయంత్రం డ్యూటీ దిగి దుకాణానికి వచ్చి, మొహం కడుక్కుంటానని బకెట్ దగ్గరికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. ఏమైందోనని వెళ్ళి చూస్తే, కిందికి పోతున్న నీళ్ళను చూస్తూ ఏడుస్తోంది.

"తెల్లగ పోతున్నయే అన్నా" అంది.