అన్నం మీదికెక్కిన ముక్క

ఆబిడ్స్‌లో మెనూ కార్డులు తయారుచేసే చిన్న దుకాణం నాది. నాకు నోరెక్కువని పేరు. అయినా గిరాకీ తగ్గలేదు. కోఠీలో కాలేజీకి వెళ్ళే రోజుల నుంచీ నేను తింటున్న బిర్యానీ హోటల్ నాంపల్లి స్టేషన్ దగ్గరుంది. దాని ఎదురుగా ఇంకో బిర్యానీ హోటల్ తెరిచాక మధ్యాహ్నం పూట కూడా సగం బల్లలు ఖాళీగా ఉండేవి. ఆ పాత హోటల్ యజమాని నా దుకాణానికొచ్చి కూర్చున్నాడు.

"చెల్లె, మెనూ మీద పెద్ద బొమ్మ కావాలె. చూడంగనే ఆకలి గావాలె. గా ఏఐతోని చెయ్యి జర."

ఆయన బిర్యానీ ప్లేటు నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది, అందుకే బొమ్మ ఎలా ఉండాలో ఏఐకి చెప్పే ప్రాంప్ట్ రాయడం కష్టం కాలేదు. తెల్లటి ప్లేటు, కొన్ని తెల్లగా కొన్ని కుంకుమపువ్వు రంగులో పొడిపొడి మెతుకులు, ఎర్రగా వేగిన ఉల్లి, నాలుగు పుదీనా ఆకులు, నిమ్మబద్ద. వెలుగు వెనక నుంచి రావాలి, వెనకంతా చీకటిగా ఉండాలి. లేకపోతే ఆవిరి కనబడదు. 'సన్నటి ఆవిరి' అని రాయకపోతే వంటిల్లు అంటుకున్నట్టు పొగ వచ్చింది. పచ్చ బఠానీలు కూడా వచ్చాయి. 'బఠానీలు వద్దు' అంటే ఇంకా ఎక్కువొచ్చాయి! ఆ మాటే తీసేసి, ఉండాల్సినవి మాత్రం రాస్తే పోయాయి.

బొమ్మ చూసి ఆయన మొహం ముడుచుకున్నాడు. "ముక్క ఏది?"

"నీ హోటల్ల ముక్క ఏడుంటదన్నా? అన్నం కిందనే కదా!"

"తినెటోనికి తెలుస్తది. కార్డు చూసెటోనికి ఎట్ల తెలుస్తది? ఎదురుంగున్నోడు చూడు, ముక్కలు గుట్ట వోసిండు."

"వాడు బొమ్మ అమ్ముతుండు. నువ్వు బిర్యానీ అమ్ముతున్నవ్."

"మాటల్ల నువ్వే గెలుస్తవ్ చెల్లె. నా బల్లలు నిండుతయా మరి?"

కంప్యూటర్ వైపు తిరిగాను. 'మెరుస్తున్న పెద్ద మటన్ ముక్కలు అన్నం పైన' అని చేర్చాను. అంతే, నోరూరే బొమ్మ వచ్చింది. కార్డులు అచ్చయ్యాయి.

బల్లలు నిండాయి. కానీ వచ్చినవాళ్ళు కార్డు చూపించి "ముక్కలేవి?" అని అన్నం కెలక్కుండానే గొడవ మొదలుపెట్టారట. ముక్క కిందుందని ఆయన రోజూ ఎంతమందికని చెప్తాడు? బిర్యానీ వండే పెద్ద దేగ్చా దగ్గర వడ్డించే మనిషికి చెప్పి, ముక్కలు పైన పెట్టించడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకు వెళ్ళాను. కార్డు మీద బొమ్మే దిగొచ్చినట్టు ప్లేటు వచ్చింది. పుదీనా ఆకులు కూడా నాలుగే. బల్ల దగ్గరికి వచ్చేలోపే ముక్కల అంచులు ఆరిపోయాయి. ఇదివరకు అన్నం పక్కకు తీస్తే ముక్క మీది వేడి ఆవిరి మొహానికి కొట్టేది, కళ్ళద్దాలు మసకబారేవి.

"ఎట్లుంది చెల్లె?" అన్నాడు, నిండిన బల్లల మధ్య నుంచి నవ్వుకుంటూ.

ఆ మొహం చూశాక నాకు వాదించబుద్ధి కాలేదు. "బొమ్మ లెక్కనే ఉందన్నా" అన్నాను.

ఆయన సంబరపడి వెళ్ళిపోయాడు. నేను అలవాటు కొద్దీ వేళ్ళతో అన్నం పక్కకు తీశాను. కింద కూడా అన్నమే ఉంది.