గురువారం అయిదున్నరకు

సిబ్బంది విభాగం గుమస్తాను ఆఫీసులో అందరూ 'సారీ బాబాయ్' అంటారు. కంపెనీ తరఫున ఎవరికి క్షమాపణ చెప్పాల్సి వచ్చినా, ఆ శుభకార్యం పదకొండేళ్ళుగా ఆయన చేతుల మీదుగానే జరుగుతోంది.

ఇంటి దగ్గరి శాఖకు బదిలీ ఉత్తర్వు వచ్చి నాలుగు నెలలైంది. దాని అడుగున చిన్న వాక్యం: ఈ సీటులో కొత్త మనిషి చేరాకే ఈయన్ను వదలాలి. రోజూ రెండు బస్సులు మారి వచ్చే బాబాయ్, ఆ కాగితాన్ని సొరుగులోంచి తీసి, భక్తిగా చూసి, మళ్ళీ లోపల పెడతాడు.

కొత్త మనిషికి ఇంటర్వ్యూ ఇవాళ మూడింటికి. పన్నెండున్నరకు మేనేజరు తలుపు సందులోంచి తల దూర్చాడు.

"బాబాయ్, ఇవాళ కుదరదయ్యా. హెడ్డాఫీసు వాళ్ళు ఊడిపడ్డారు. ఆ అమ్మాయికి నీ పద్ధతిలో ఓ మాట చెప్పెయ్."

"మళ్ళీ ఎప్పుడనమంటారు సార్?"

"త్వరలో అను."

"పోయినసారి ఆ కుర్రాడికి అదే అన్నాం. వేరేచోట చేరిపోయాడు."

బాబాయ్ డైరీ ముందు పెట్టి కదలకుండా నిలబడ్డాడు. మేనేజరు విసుక్కుంటూ గురువారం నాలుగింటికని రాసి సంతకం పెట్టాడు. ఇంటర్వ్యూలో కూర్చునే అకౌంట్స్ మేడమ్ కూడా ఆ పూట ఖాళీయేనని అడిగి తెలుసుకున్నాకే బాబాయ్ అమ్మాయికి ఫోన్ చేశాడు.

"అయ్యో సార్, బస్సెక్కేశాను!"

"తప్పు మాదేనమ్మా, క్షమించండి. అనుకోకుండా పెద్దవాళ్ళొచ్చారు. మీ దరఖాస్తుకేం ఢోకా లేదు. గురువారం నాలుగింటికి..."

"ఇవాళ సెలవు కోసం మా మేనత్త కాలు విరగ్గొట్టాను సార్. గురువారం ఇంకెవర్ని పడేయను?"

"డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?"

"అయిదింటికి."

"లైన్లో ఉండండమ్మా."

నడవాలో మేనేజరునూ, కిటికీ దగ్గర మేడమ్‌నూ పట్టుకుని అడిగొచ్చాడు. డైరీలో నాలుగు పోయి అయిదున్నర వచ్చింది. పక్కన మేనేజరుది మరో సంతకం.

"అయిదున్నరకు రండి. మీ మేనత్తను కదిలించక్కర్లేదు."

అమ్మాయి నవ్వింది. "ఒకటడగనా సార్? ఆ సీటాయన ఎందుకు వెళ్ళిపోయారు?"

"వెళ్ళలేదమ్మా. మీతో మాట్లాడుతున్నాడు. మీలాంటివాళ్ళు ఎవరైనా చేరితే వెళ్తాడు."

తేదీ, గంట, అంతస్తు, తన నంబరు, ఒక క్షమాపణ వేసి మెయిలు పంపాడు. దాని నకలు చదివి మేనేజరు ఆనందపడిపోయాడు.

"ఎంత ముద్దుగా రాశావయ్యా! నీలాంటివాణ్ణి ఎలా వదులుకోను?"

బాబాయ్‌కి బయటనుంచి గడియ పడ్డట్టనిపించింది.

సాయంత్రం రెండో బస్సులో నిలబడి ఉండగా భార్య ఫోను.

"ఇంటర్వ్యూ అయిందా?"

"గురువారం అయిదున్నరకు."

"పోయినసారి కూడా వాయిదా వేశారు, గుర్తుందా?"

"గుర్తుంది. ఈసారి రెండు సంతకాలున్నాయే" అని, డైరీ ఉన్న సంచిని చంక కింద ఇంకాస్త బిగించుకున్నాడు.