తెర మీది పద్దెనిమిది గడులు

మదనపల్లె పాల డెయిరీ ఆఫీసు గదిలో ఆ ఉదయం మేనేజరు, సూపర్వైజరు, డ్యాష్‌బోర్డు తయారుచేసిన నేను ఉన్నాం; గోడ మీద పెద్ద తెర, బల్ల మీద సూపర్వైజరు పేరున రాసిన, ఇంకా సంతకం పడని సస్పెన్షన్ కాగితం. తెర మీద పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లలోని పాల కూలర్లకు ఒక్కోటి చొప్పున పద్దెనిమిది గడులు. పాలు చల్లగా ఉంటే గడి ఆకుపచ్చ, వేడెక్కితే ఎరుపు. ముందురోజు రామకుప్పం గడి ఎర్రబడినా సూపర్వైజరు పట్టించుకోలేదు. ఆ కూలర్లో పాలన్నీ విరిగిపోయాయి.

"గోడంత తెర పెట్టినా యాల కనపళ్లేదప్పా?" అన్నాడు మేనేజరు.

"నాకు ఆ రెండు రంగులూ ఒకే మాదిరి ఉండాయి సార్. అందుకే తెర రాకముందు దినామూ అన్ని ఊర్లకూ ఫోన్ చేస్తాంటి. తెర ఉండంగ ఫోన్లు యాల అని మీరే ఆపిస్తిరి."

"అయితే అద్దాలు కొనుక్కో."

నాకు ఒళ్లు మండింది. పుట్టుకతో వచ్చిన వర్ణాంధత్వం అద్దాలతో పోయేది కాదు. పైగా ఆ రెండు రంగులు ఎంచింది నేను.

"కాగితం నా పేరున రాయండి సార్," అన్నాను.

అక్కడే కూర్చుని ఆకుపచ్చను ముదురు నీలంగా, ఎరుపును లేత నారింజగా మార్చాను. వేడెక్కిన గడిలో త్రికోణం గుర్తు, 'వేడి' అన్న మాట చేర్చాను. నలుపు తెలుపులో ప్రింటు తీస్తే అందులోనూ తేడా తెలిసింది.

సూపర్వైజరు తెర చూసి, "గుడుపల్లె వేడెక్కతాండాది," అంటూ ఫోన్ అందుకున్నాడు. మేనేజరు కాగితాన్ని సొరుగులో వేశాడు, క్షమించమని మాత్రం అనలేదు.

రంగులు మార్చడానికి పట్టింది ఇరవై రెండు నిమిషాలు.