అడ్డం పడిన నా ముఖం

ఒకరోజు పొద్దున లేచేసరికి మూతి ఎడమ పక్క జారిపోయి ఉంది. మార్కాపురం డాక్టరు నరం వాపన్నాడు, మెల్లగా తగ్గుతుందన్నాడు. గిద్దలూరులో మేడమీద గదిలో ఒక్కదాన్నే ఉంటూ, ఇంటినుంచే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం నాది. నా ముఖం ఎట్లుందో చెప్పేవాళ్లే లేరు. దోర్నాలలో హోటలు నడుపుకునే అక్క వీడియో కాల్ చేస్తే కట్ చేసేదాన్ని. "మొగం చూపించవే" అని మెసేజ్ పెట్టేది. "మూతి సక్కబడినాక" అని రాసేదాన్ని.

అద్దం మీద నమ్మకం పోయి, ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాసుకున్నాను. రోజూ ఫోన్లో ఒక నవ్వు ఫోటో. స్క్రిప్ట్ కళ్ల మూలలు, పెదవి మూలలు గుర్తుపట్టి, పెదవి ఎంత జారిందో కొలవాలి.

అది నన్ను ఒక ఆట ఆడుకుంది. ఒకరోజు కాస్త మేలనేది, మర్నాడు ఇంకా జారిందనేది, కొన్ని ఫోటోల్లో అసలు ముఖమే లేదనేది. దిగులుతో అన్నం కూడా సయించేది కాదు. ముఖమే లేదంటావా, నీ దుంప తెగ అని కంప్యూటర్‌ను తిట్టినాను. గదిలో పలికిన మాట అదొక్కటే.

కడకు స్క్రిప్ట్ తెరిచిన ఫోటోనే స్క్రీన్ మీద వేసి చూసినాను. నేను అడ్డంగా పడుకొని ఉన్నాను, ముఖం నొక్కేసినట్టు పొట్టిగా. గ్యాలరీలో చూస్తే నిటారుగానే ఉన్నాను.

అప్పుడు అర్థమైంది. ఫోన్ను నిలువుగా పట్టుకున్నా కెమెరా బొమ్మను అడ్డంగానే దాస్తుంది. 'చూపించేటప్పుడు తిప్పు' అని ఫైల్లో చిన్న గుర్తు రాస్తుంది. గ్యాలరీ ఆ గుర్తు చదువుతుంది. నా స్క్రిప్ట్ చదవలేదు. పైగా ఆ అడ్డం బొమ్మను నిలువు సైజులోకి కుక్కింది. ఇంక కొలతలు సరిగ్గా ఎట్ల వస్తాయి?

తెలివిగా అన్నిటినీ ఒక్క తిప్పు తిప్పినాను. కొన్ని ఫోటోలు ఫోన్ను ఊరగాయ జాడీకి అడ్డంగా ఆనించి తీసినవి; అంతదాకా నిటారుగా ఉన్న అవి ఇప్పుడు అడ్డం పడినాయి. నా మొగం మండ! తిప్పాల్సింది నా ఇష్టప్రకారం కాదు, ఒక్కో ఫోటోను దాని గుర్తు ప్రకారం. తెరవంగానే గుర్తు చదివి తిప్పి, మళ్లీ ఇంకో ప్రోగ్రాం తిప్పకుండా ఆ గుర్తు తీసేసి, పొడవూ వెడల్పూ ఒకే లెక్కన తగ్గించి, ఆ తర్వాతే ముఖం వెతకమన్నాను.

ఫోటోలన్నీ మళ్లీ నడిపినాను. జారుడు రోజురోజుకూ తగ్గుతూనే వచ్చింది. వారం కిందటే దాదాపు సమానమైంది. ఆ వారమంతా బాగున్న ముఖాన్నే దాచుకున్నాను. ఇన్నాళ్లూ నేను నవ్విన నవ్వులన్నీ ఫోనుకే.

అక్కకు వీడియో కాల్ చేసినాను. పిండి చేతులతోనే ఎత్తింది. ఫోన్ దగ్గరికి తెచ్చుకొని చూసింది.

"మూతి బాగానే ఉందిలే" అంది. "మనిషివే సగమైనావు. తింటున్నావా లేదా?"

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.